కుందులు కారుతున్నాయని ఒక్క స్టార్ ఇచ్చారు, కింద ఏమని రాయాలి?

ఇత్తడంగడి: గోవిందరాజస్వామి గుడి దగ్గర మాది ఇత్తడి సామాన్ల అంగడి. మొన్న గూగుల్‌లో ఒకామె ఒక్క స్టార్ ఇచ్చి ఇట్లా రాసింది: ‘జత కుందులు కొన్నాం. ఒకదాంట్లో నూనె తెల్లారేసరికి పీటంతా కారింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. యాత్రికులు మళ్లీ రారని ధైర్యం కాబోలు.’ మా నాయన ఏమో ‘ఇన్నేళ్లలో ఎవరూ ఇట్లా అనలేదు, కొనేటప్పుడే చూసుకోవాల్సింది’ అని రాయమంటాడు. రాసేదా?

పీలేరు బస్సు: రిపోర్ట్ కొట్టు అన్నా. గూగుల్ వాళ్లే తీసేస్తారు.

కొర్లగుంట పెద్దాయన: వేరే అంగడి మీద రాయబోయి మీ మీద రాసుంటేనో, బూతులుంటేనో రిపోర్ట్ చేయొచ్చు. ఆమె కొన్నదీ, కారిందీ నిజమైతే తీయరు. ముందు ఒక పని చెయ్ సామీ. ఆ సరుకులో మిగిలిన కుందుల్లో నిండా నీళ్లు పోసి, కింద పాత పేపరు పరిచి, రాత్రంతా పెట్టు. తెల్లారి పేపరు చూశాక జవాబు రాద్దాం.

మంగళం రోడ్డు: కారితే ఏముంది, ఎంసీల్ పెడితే ఆగిపోతుంది. మా ఇంట్లో చెంబుకు అదే పెట్టినా, ఇప్పటికీ చుక్క పడదు.

ఇత్తడంగడి: అన్నా, దీపం వేడికి అది నిలవదేమో. అయినా నేనడిగింది కుంది సంగతి కాదు, జవాబు సంగతి.

ఇత్తడంగడి: (మర్నాడు) పేపర్లు చూసినాం. రెండింటి కింద తడి. గిన్నె అడుగున కాడను మరతో బిగించే చోట నుంచే వస్తోంది. అంగట్లో నూనె పోసి చూపించం కదా, అందుకే బయటపడలేదు. ఇంకోటి, గూగుల్‌లో ఉన్నది మా పాత నంబరు. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది.

కొర్లగుంట పెద్దాయన: చూశావా, ఆమె చెప్పిన రెండు మాటలూ నిజమే. ‘యాత్రికులు రారని ధైర్యం’ అన్నది కోపం, దానికి జవాబు వద్దు. దానికి బదులు చెప్పబోతేనే తగాదా మొదలవుతుంది. కారడం గురించి ఒక మాట, ఫోన్ గురించి ఒక మాట, ఏం చేస్తావో ఒక మాట రాయి. నువ్వు ముందు రాయి, నేను చూస్తా.

ఇత్తడంగడి: ‘గౌరవనీయులైన కస్టమర్ గారికి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. నాణ్యతే మా ధ్యేయం. పోయిన వారం మీ ఊరి నుంచి వచ్చి తీసుకున్న జత...’

కొర్లగుంట పెద్దాయన: ఇది బ్యాంకు నోటీసు మాదిరి ఉంది. ఏ అంగడి కిందైనా అతికించొచ్చు. ఆమె ఊరు, కొన్న రోజు కూడా తీసెయ్, అందరూ చదివేది అది. నేనైతే ఇట్లా రాస్తా:

‘నమస్కారం అమ్మా. మీరు రాసింది చూసి మిగిలిన కుందుల్లో నీళ్లు పోసి పెడితే ఇంకో రెండు కారాయి. ఆ సరుకు అమ్మడం ఆపేశాం. ఇక్కడ ఉన్నది మా పాత నంబరు, అందుకే మీ ఫోన్ మాకు రాలేదు. ఇప్పుడు మార్చాం. రెండూ మా తప్పులే, క్షమించండి. కొత్త జత మా ఖర్చుతో పంపమన్నా, డబ్బు తిరిగి ఇమ్మన్నా మీ ఇష్టం. కొత్త నంబరుకు ఒకసారి ఫోన్ చేయండి, కారే కుంది వెనక్కి పంపక్కర్లేదు.’

నంబరు నిజంగా మార్చినాకే ఇది పెట్టు.

పీలేరు బస్సు: చివర్లో ‘రివ్యూ తీసేస్తే కొత్త జత పంపుతాం’ అని కలుపు. లేకుంటే నీకేం లాభం?

కొర్లగుంట పెద్దాయన: అది మాత్రం వద్దు. వస్తువో డిస్కౌంటో ఆశ చూపి రివ్యూ మార్పించడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. పైగా ఆ మాట చదివినవాళ్లు ఆమె మాటే నమ్ముతారు. మార్చాలనుకుంటే ఆమే మార్చుకుంటుంది, ఆ వీలు ఆమెకుంది.

చిత్తూరు గాంధీరోడ్డు: నాకు ‘వెనక్కి పంపక్కర్లేదు’ అన్నదే నచ్చలేదు. మాది చీరల అంగడి. ఒకసారి అట్లా రాస్తే, అది చదివి కొననివాళ్లు కూడా ఫోన్లు చేసినారు. ఫోటో పంపమని అడగాలి.

కొర్లగుంట పెద్దాయన: ఫోటో ఫోన్లో అడగొచ్చు. అందరి ముందు అడిగితే ఆమెను అనుమానించినట్టు ఉంటుంది.

చిత్తూరు గాంధీరోడ్డు: మీరు చెప్పింది ఇత్తడికి సరిపోతుందేమో. చీరకు కుదరదు.

ఇత్తడంగడి: పెట్టేసినా. ‘మా తప్పులే’ దగ్గర మా నాయన గంట సేపు వాదించి, ‘తప్పులే’ ఉంచి ‘మా’ తీసేయమన్నాడు. నేను తీయలేదు. ఆమె నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

మంగళం రోడ్డు: ఆ సరుకు ఇచ్చినాయన వెనక్కి తీసుకుంటాడా మరి?

ఇత్తడంగడి: సగం తీసుకుంటానంటాడు. మిగతా సగానికి బేరం నడుస్తోంది.