నెఫ్రాన్ బొమ్మలో యూరియా స్టేట్‌మెంట్: కీ తప్పా, నా లెక్క తప్పా?

అనంతపురంలో నీట్‌కి చదువుతున్నాను. మా టెస్ట్ పేపర్లో నెఫ్రాన్ బొమ్మ మీద A (బౌమన్ గుళిక), B (పీసీటీ చివర) గుర్తులు పెట్టి సరైన వాక్యం ఎంచుకోమన్నారు. "B దగ్గర ఫిల్ట్రేట్ మొత్తం ఆస్మోలారిటీ A తో దాదాపు సమానం" అన్నదాంతో పేచీ లేదు, నీళ్లతో పాటే సోడియం కూడా వెళ్లిపోతుంది కాబట్టి రెండు చోట్లా 300 దగ్గరే ఉంటుంది. నన్ను పట్టుకున్నది ఇంకో వాక్యం: "యూరియా తిరిగి శోషించబడుతుంది కాబట్టి B దగ్గర దాని గాఢత A కంటే తక్కువ." కీలో ఇదీ సరైనదే అని ఇచ్చారు.

నేను ఇలా వేసి చూశాను. A దగ్గర 100 మి.లీ. ఫిల్ట్రేట్, అందులో 100 వంతుల యూరియా అనుకుందాం. పీసీటీలో సుమారు 65 శాతం నీళ్లు పోతే మిగిలేది 35 మి.లీ., యూరియా దాదాపు సగమే పోతుంది కాబట్టి 50 వంతులు మిగులుతాయి. అంటే మి.లీ.కి 1 ఉన్నది 1.4 అయింది! మొత్తం యూరియా తగ్గింది సరే, గాఢత పెరిగింది కదా. గ్లూకోజ్‌కి అయితే కీ చెప్పిన కారణం సరిపోతుంది, ఎందుకంటే అది B వచ్చేసరికి దాదాపు మొత్తం పోతుంది.

టెక్స్ట్‌బుక్‌లో యూరియా కొంత శోషించబడుతుందని ఉంది తప్ప గాఢత సంగతి లేదు. సార్‌ని అడిగితే "కీ ఫాలో అయిపో" అన్నారు, ఇక ఆయన్ని మళ్లీ కదిలించలేను.

ఫిజియాలజీ బాగా తెలిసినవాళ్లు చెప్పండి: B దగ్గర యూరియా గాఢత A కంటే ఎక్కువా, తక్కువా?