దాళ్వా కోతల్లో తాగే కాఫీని నీళ్ల లెక్కలో ఎంత వేయాలి?

కోనసీమలో దాళ్వా మాసూళ్లకు దిగే కూలీల కోసం, ఎవరు రోజుకు ఎంత తాగాలో ఒక లెక్క రాస్తున్నాం. కాఫీ దగ్గర పేచీ వచ్చింది. "కాఫీ ఒంట్లో నీళ్లు లాగేస్తుంది, లెక్కలో వేయొద్దు" అని మేస్త్రీల మాట.

నాకు తెలిసినంతలో అది సగమే నిజం. కెఫీన్ మూత్రాన్ని కాస్త పెంచుతుంది, కానీ అది తేలిగ్గా కనబడేది ఒకేసారి 250-300 మిల్లీగ్రాములు దాటినప్పుడు, అదీ అలవాటు లేనివాళ్లలో. రోజూ తాగేవాళ్లకు ఒళ్లు అలవాటు పడిపోతుంది.

ఉదాహరణకు 120 మిల్లీలీటర్ల గ్లాసులో డికాషన్ 30, మిగతాది పాలు. కెఫీన్ సుమారు 70 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజంతా మూడు గ్లాసులంటే 210. అందుకే 360 మిల్లీలీటర్లూ మొత్తంగా లెక్కలో వేశాను. ఎండలో చెమటకు పోయే లీటర్ల ముందు అది ఎంత? ఆ లోటు నీళ్లూ ఉప్పేసిన మజ్జిగే తీర్చాలి.

తేలనిది ఒకటే: ఎప్పుడూ కాఫీ తాగని మనిషి తెల్లారే చిక్కటి డికాషన్ రెండు గ్లాసులు తాగి చేలో దిగితే ఏమైనా తగ్గించాలా? పనికి ముందూ తర్వాతా బరువు తూచి (కిలో తగ్గితే దాదాపు లీటరు పోయినట్టు) చూసినవాళ్లెవరైనా ఉంటే, మధ్యలో తాగిందీ, మూత్రంగా పోయిందీ ఎలా కలిపారో చెప్పండి.