పీడీఎఫ్ ఫారంలో టైపు చేసినవి సేవ్ చేశాక మాయం. ఎవరికైనా ఇలా అయ్యిందా?

గుణుపురం జెరాక్స్: మా షాపులో స్కాలర్‌షిప్ ఫారం నింపి సేవ్ చేసి పంపాం. మా కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి. ఆఫీసువాళ్ళు మాత్రం ఖాళీ ఫారం పంపావేటని అంటున్నారు. పిల్లాడు రాయగడ నుంచి మళ్ళీ రావాలి.

పర్లాకిమిడి బాబు: ఉచిత రీడర్లలో సేవ్ అవ్వదు అన్నా, డబ్బులు పెట్టి కొనాల్సిందే.

పాత ఆపరేటర్: అది పాత మాట బాబూ. 2012లో అడోబ్ రీడర్ XI వచ్చాక ఉచితదాంట్లోనూ మామూలు ఫారాలు సేవ్ అవుతున్నాయి. జెరాక్స్ గారూ, వాళ్ళు ఖాళీ అంటున్న గడి మీద ఒకసారి క్లిక్ చేసి చూడమనండి.

జైపూర్ లక్ష్మి: మాకూ ఇదే గొడవ! ఫారంలో అసలు గళ్ళే రావట్లేదు, టైపు చేద్దామంటే కర్సరే పడదు.

పాత ఆపరేటర్: అమ్మా, మీది స్కాన్ చేసిన కాగితం అయ్యుంటుంది, అది వేరే సంగతి.

గుణుపురం జెరాక్స్: చూశారట. క్లిక్ చేస్తే ఊరి పేరు కనిపిస్తోందట, పక్క గడిలోకి వెళ్తే మళ్ళీ తెల్లగా అయిపోతోందట. ఇదేం మాయండీ?

పాత ఆపరేటర్: అయితే సమాచారం పోలేదు. ఫైలులో ఒక్కో గడికి రెండు ఉంటాయి. మీరు కొట్టిన అక్షరాలు `/V` కింద, వాటిని తెర మీద చూపించే బొమ్మ `/AP` కింద. కొన్ని యాప్‌లు మొదటిది రాసి, బొమ్మ గీయకుండా `NeedAppearances` అని గుర్తు పెట్టి వదిలేస్తాయి, చూసేవాడే గీసుకోవాలని. కొన్ని ఫోన్ యాప్‌లూ, మెయిల్‌లో కనిపించే ప్రివ్యూలూ ఆ గుర్తును పట్టించుకోవు. అక్కడ ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని కంప్యూటర్లో అక్రోబాట్ రీడర్‌లో తెరిచి, ఖాళీ అన్న గడుల్లో ఒక అక్షరం చెరిపి మళ్ళీ కొట్టి, వేరే పేరుతో సేవ్ చేయండి. తర్వాత ఫైర్‌ఫాక్స్‌లో, ఫోన్లో తెరిచి చూడండి. రెండుచోట్లా కనిపిస్తేనే పంపండి. క్రోమ్‌లో నింపినా పర్వాలేదు, కానీ డౌన్‌లోడ్ నొక్కినప్పుడు మార్పులతోనా లేకుండానా అని అడుగుతుంది. అక్కడ తొందరపడితే ఖాళీదే దిగుతుంది. లైనక్స్ వాళ్ళకి ఒకులర్ ఉంది.

పర్లాకిమిడి బాబు: ఇంత తంటా ఎందుకు? ప్రింట్ కొట్టి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే సరి.

పాత ఆపరేటర్: కనిపించడానికి సరిపోతుంది. కానీ గడులు పోతాయి, తర్వాత తప్పు దిద్దలేరు. వాళ్ళు గడుల్లోంచి వివరాలు సాఫ్ట్‌వేర్‌తో లాగితే ఏమీ దొరకదు. కాగితం తీసి ఫైల్లో పెట్టే ఆఫీసైతే అలాగే కానివ్వండి. ముందు వాళ్ళనే అడగండి.

గుణుపురం జెరాక్స్: చేశాను, ఇంగ్లీషు గడులన్నీ వచ్చేశాయి. ఒడియాలో రాసిన తండ్రి పేరు మాత్రం ఫోన్లో ఇంకా డబ్బాలే.

పాత ఆపరేటర్: ఆ గడికి కట్టిన ఫాంటులో ఒడియా అక్షరాలు లేవనుకుంటాను. ఫారం చేసినవాళ్ళే మార్చాలి. మన వైపు నుంచి వేరే దారి నాకైతే దొరకలేదు.

జైపూర్ లక్ష్మి: మా దగ్గర ఒడియా పేరు ప్రింట్ తీసినప్పుడు సరిగ్గానే వచ్చిందే? ఏ ఫారమో చెప్పండి, నేనూ చూస్తాను.