మోటారు షాపు జవాబుల్లో ప్రతిసారీ అదే మొదటి మాట: ఉంచాలా, తీసేయాలా?

వైండింగ్ షెడ్డు, పాలకొల్లు:
చిన్న మోటారు వైండింగ్ షాపు నాది. రోజూ అందరూ అడిగే ప్రశ్నలకి నాలుగేసి లైన్లలో జవాబు రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నాను. ప్రశ్న ఏదైనా మొదటి మాట ఒకటే: "ముందు కరెంటు తీయండి." అన్నిటికీ ఇలాగే ఉంచాలా, జనానికి విసుగొస్తుందా? మొన్న పెట్టింది ఇది.

"మోటారు గుయ్యిమంటోంది గానీ తిరగట్లేదండి, కాలిపోయినట్టేనా?"

"ముందు కరెంటు తీయండి. తిరక్కుండా అలా ఉంచితే మామూలు మీద ఐదారు రెట్లు లాగుతుంది, నిమిషాల్లో వైండింగ్ మాడుతుంది. షాఫ్ట్ చేత్తో తేలిగ్గా తిరిగితే కండెన్సర్ పోయి ఉండొచ్చు. బిగిసిపోతే బేరింగో, పంపులో చెత్తో చూడాలి."

కొబ్బరిమట్ట:
గుయ్యిమంటే కండెన్సరేనండి, ఇంకో మాట లేదు. నేనే మార్చేస్తాను. మొదటి లైన్ దండగ, అందరికీ తెలిసిందే.

అత్తిలి అమ్మాయి:
మా మిక్సీ పప్పు రుబ్బుతూ ఆగిపోయింది, కాలిన వాసన. దానికీ ఇదే జవాబా?

చెరువు గట్టు:
ఆ మొదటి లైన్ తీసెయ్యండి. ఆ మాటే నన్ను ముంచింది.

ఆకివీడు దగ్గర ఎకరన్నర రొయ్యల చెరువు మాది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు నాలుగు. పోయిన వేసవిలో రాత్రి మూడింటికి ఒకటి ఆగి గుయ్యిమంటోందని మా కుర్రాడు షాపాయనకి ఫోన్ చేశాడు. ఆయన నిద్రమత్తులో "ముందు కరెంటు తీయ్" అని పెట్టేశాడు. వీడు మెయినే లాగేశాడు. నాలుగూ ఆగిపోయాయి. తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంబడి తేలి ఉన్నాయి. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదండీ.

వైండింగ్ షెడ్డు, పాలకొల్లు:
అయ్యో. కానీ మెయిన్ లాగమని ఎవరన్నారండీ? ఆగిన మోటారు స్విచ్ తీయాలి గానీ.

చెరువు గట్టు:
మీ లైన్‌లో "స్విచ్" అని ఉందా? "కరెంటు" అని ఉంది. మా వాడికి కరెంటంటే మెయినే.

వైండింగ్ షెడ్డు, పాలకొల్లు:
మీ వాడికి అర్థం కాకపోతే నా మాట తప్పా?

చెరువు గట్టు:
రాత్రి మూడింటికి అర్థమయ్యేలా రాయాలి, పగలు పదింటికి కాదు.

పాత లైన్:
ఇద్దరూ కాస్త ఆగండి. ముప్పై ఏళ్ళు మోటార్ల పని చేశాను. చెరువు గట్టు గారూ, ఆ రాత్రి మిగతా మూడు ఏరేటర్ల శబ్దం మారిందా?

చెరువు గట్టు:
మారిందటండి. మూలుగుతున్నట్టు తిరిగాయట. అయినా మా వాడు టెస్టర్ పెట్టి చూశాడు, మూడు ఫేజులూ వెలిగాయి.

పాత లైన్:
అక్కడే దెబ్బ తిన్నారు. ఒక ఫేజు పోయింది. అది పోయినా తిరుగుతున్న మోటార్లు తిరుగుతూనే ఉంటాయి, ఆగినది మాత్రం మళ్ళీ లేవదు, గుయ్యిమంటుంది. ఆ తిరిగే మోటార్లే పోయిన తీగ మీదకి వోల్టేజి తిరిగి నెడతాయి, అందుకే టెస్టర్ మూడింటి మీదా వెలుగుతుంది. మల్టీమీటర్‌తో ఫేజుకీ ఫేజుకీ మధ్య చూడాలి. మూడు జతలూ 415కి అటూ ఇటూగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. పోయిన తీగ ఉన్న రెండు జతల్లో వోల్టేజి తగ్గి కనబడుతుంది.

కొబ్బరిమట్ట గారూ, ఈ త్రీఫేజు మోటార్లలో కండెన్సరే ఉండదు. మీ మాట ఇంట్లో సింగిల్ ఫేజు పంపుకి చాలావరకు నిజం. అక్కడా స్టార్టింగ్ వైండింగ్ తెగినా అదే శబ్దం వస్తుంది.

కొబ్బరిమట్ట:
నేను ఇంటి పంపు గురించే అన్నానండి.

పాత లైన్:
ఒక మాట. ఆ మోటారు విప్పినప్పుడు లోపల ఎలా ఉంది?

చెరువు గట్టు:
రెండు వరసల కాయిల్స్ బొగ్గులా నల్లగా, మూడో వరస కొత్తదిలా ఎర్రగా నిగనిగలాడుతోంది. ఆ షాపులో నాకే చూపించారు. బిల్లు మీద "ఓవర్‌లోడ్" అని రాశారు. నెల తిరక్కుండా ఇంకో మోటారు అలాగే పోయింది. మళ్ళీ డబ్బు.

పాత లైన్:
స్టార్ కనెక్షన్ మోటారు ఒక ఫేజు పోయి కాలితే అలాగే కాలుతుంది, రెండు నలుపు, ఒకటి బాగు. చూడగానే చెప్పాలి. ఓవర్‌లోడైతే మూడూ మాడతాయి. ఒక ఫేజు పోగానే మోటారు ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ స్టార్టర్‌లో పెట్టించి ఉంటే రెండోది బతికేది.

షట్టర్ సగం:
నాదీ షాపేనండి. ఇవన్నీ ఊరికే చెప్పేస్తే మనం ఏం తినాలి? షాపుకి తెండి అని రాయండి చాలు.

చెరువు గట్టు:
చూశారా? అసలు సంగతి ఇదే! మీ మొదటి లైన్ మా కోసం కాదు. "నేను ముందే తీయమన్నాను" అని రేపు చేతులు దులుపుకోడానికి.

వైండింగ్ షెడ్డు, పాలకొల్లు:
నోరు జారకండి. ఆ లైన్ ఎందుకు పెట్టానో చెప్తాను. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు కస్టమర్ ఇంటి మోటారు కండెన్సర్ పట్టుకుని ఎగిరి గోడకి గుద్దుకున్నాడు. బతికాడు. ఆ రోజు నుంచీ ఏం రాసినా మొదట అదే వస్తుంది నాకు.

పాత లైన్:
అప్పటికి కరెంటు తీసే ఉందా?

వైండింగ్ షెడ్డు, పాలకొల్లు:
తీసే ఉంది.

పాత లైన్:
మరి మీ లైన్ ఆ కుర్రాణ్ణి కాపాడలేదుగా. కండెన్సర్‌లో మిగిలింది కొట్టింది. పాత బల్బు హోల్డర్‌కి తీగలు పెట్టి రెండు కొసలకీ తగిలిస్తే దిగిపోతుంది, ఆ తర్వాత చెయ్యి పెట్టాలి. కరెంటు తీశాం కదా అన్న ధీమాలోనే జనం చెయ్యి పెడతారు.

చెరువు గట్టు గారూ, మీకూ ఒక మాట. ఆ రాత్రి నాలుగూ ఆపడం మోటార్లకి మంచిదే, లేకపోతే మిగతా మూడూ మాడేవి. రొయ్యలకి చెడ్డది. ఆపి జనరేటర్ మీదకి మార్చి ఉంటే రెండూ దక్కేవి. ఉందా మీకు?

చెరువు గట్టు:
షెడ్డులోనే ఉంది. మార్చడం మా వాడికి తెలీదు. చెప్పినవాడు లేడు.

వైండింగ్ షెడ్డు, పాలకొల్లు:
సరే, చెరువులవాళ్ళకి వేరేగా రాస్తాను: "ముందు ఆగిన మోటారు స్విచ్ ఒక్కటే తీయండి. మిగతావీ మూలుగుతుంటే అన్నీ ఆపి వెంటనే జనరేటర్ మీదకి మార్చండి." ఇంటి పంపులకి, ఫ్యాన్లకి పాత మాటే ఉంటుంది, అది మార్చను.

చెరువు గట్టు:
రెండు రకాలు పెడితే ఒకటే మొదటి మాట ఎలా అవుతుందండీ? ఇంట్లో చూసింది మా వాడు చెరువు మీదా చేస్తాడు.

షట్టర్ సగం:
జనరేటర్ కూడా ఫ్రీగా ఇవ్వండి.

అత్తిలి అమ్మాయి:
మీ గొడవ అయ్యేలోపు ప్లగ్ పీకేశాను. ఇప్పుడు మిక్సీ సంగతి చెప్తారా?

పాత లైన్:
అరగంట చల్లారనివ్వండమ్మా. జారులో పప్పు సగం తీసేసి, మిక్సీ తిరగేసి అడుగున చిన్న బటన్ ఉందేమో చూసి నొక్కండి. తిరిగినా మళ్ళీ అదే వాసన వస్తే ఆపేసి షాపులో ఇవ్వండి.