తప్పు ఎంట్రీ తీయించాలా, డిస్కౌంట్‌తో సర్దుకోవాలా?

ప్రశ్న: అమ్మ డిశ్చార్జి బిల్లులో ఒకే తేదీన ఛాతీ ఎక్స్‌రే రెండుసార్లు, సీబీసీ రక్తపరీక్ష రెండుసార్లు ఉన్నాయి. ఒక ఇంజెక్షన్‌కి 12 వయల్స్ అని బిల్లు వేశారు. అడిగితే "డిస్కౌంట్ ఇస్తాం, సర్దుకోండి" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

మొదటి పాఠకుడు: ఒప్పుకోకండి. ఒకే తేదీన ఒకే పేరు రెండుసార్లు పడిందంటే డూప్లికేటే. రెండూ కొట్టేయమనండి.

బిల్లింగ్‌లో చాలాకాలం పనిచేసినవారు: తేదీ ఒక్కటే చూస్తే పొరపాటు పడతామండీ. ఐసీయూలో ఉదయం, సాయంత్రం రక్తం తీయడం మామూలే. ముందు తేదీ, టైము, ఆర్డర్ నంబర్, ఎన్ని అన్నవి లైన్ లైన్‌గా ఉన్న వివరాల బిల్లు రాతపూర్వకంగా అడగండి. సీబీసీకి వేర్వేరు శాంపిల్ టైములతో రెండు రిపోర్టులు ఉంటే అది సరైన ఛార్జీయే. ఎక్స్‌రేకి ఆర్డర్ నంబర్ ఒకటే, రిపోర్టూ ఒకటే అయితే అది డూప్లికేట్. ఇంజెక్షన్ సంగతి మందుల చార్ట్‌లో తేలుతుంది. ఎన్ని గంటలకోసారి ఇచ్చారు?

అడిగినవారు: 8 గంటలకోసారి, డోసుకి ఒక వయల్. సోమవారం సాయంత్రం 6కి మొదలు. గురువారం ఉదయం 10 డోసు తర్వాత మాత్రలకు మార్చారు.

బిల్లింగ్‌లో పనిచేసినవారు: అంటే సోమవారం 1, మంగళ, బుధవారాల్లో మూడేసి, గురువారం 2. మొత్తం 9. నాలుగు రోజులకని ఫార్మసీ 12 ఇచ్చి ఉంటుంది. మిగిలిన 3 వెనక్కి వెళ్లినా రిటర్న్ ఎంట్రీ పడి ఉండదు. ఇది డూప్లికేట్ కాదు కాబట్టి లెటర్‌లో "రిటర్న్ ఎంట్రీ వేయండి" అనే రాయండి. పేరు తప్పు రాస్తే "డూప్లికేట్ లేదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు.

మరొకరు: మా నాన్నగారిని మధ్యాహ్నం ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. ఆ రోజుకి రెండు గదుల అద్దె వేశారు. నేను డిస్కౌంట్ తీసుకుని సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్లిపోయాను. ఆ టెన్షన్‌లో ఎవరు పోట్లాడతారండీ?

బిల్లింగ్‌లో పనిచేసినవారు: మీ పరిస్థితి అర్థమైంది. గది అద్దె ఆసుపత్రి రాసుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది, ఆ కాగితం చూడాలి. కానీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు డిస్కౌంట్ చాలదు. మీ వాటాలో కొంత తగ్గించి, తప్పు లైన్లతోనే క్లెయిమ్ పంపితే పాలసీ పరిమితి ఆ మేరకు అన్యాయంగా ఖర్చవుతుంది. సవరించిన బిల్లే అడగాలి. డబ్బు కట్టక తప్పకపోతే "ఈ లైన్లపై అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసిచ్చి, ఆ కాపీపై ముద్ర వేయించుకోండి.

అడిగినవారు: లైన్ నంబర్లతో రాసిచ్చాను. ఒక ఎక్స్‌రే తీసేశారు, 3 వయల్స్ వెనక్కి వేశారు, సీబీసీలు రెండూ నిజమేనని తేలింది. కానీ చార్ట్‌లో బుధవారం ఉదయం 10 డోసు దగ్గర నర్సు సంతకం లేదు. ఇచ్చామని వాళ్లంటున్నారు. అప్పుడు పక్కనే ఉన్న చెల్లి ఇవ్వలేదంటోంది. ఆ ఒక్క లైన్ ఇంకా తేలలేదు.