పఠన ఉదయానికి పిలుపు: పనులు, వేళలు విడమరిచి రాయాలా, "వీలున్నవారు రండి" అంటే సరిపోతుందా?

మూడో తరగతి టీచరు: మాది మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల. నా తరగతిలో 28 మంది పిల్లలు. నెలకొకసారి తల్లిదండ్రులు వచ్చి పిల్లలు చదువుతుంటే వినాలని మొదలుపెట్టాను. పోయిన నెల వాట్సాప్‌లో "గురువారం ఉదయం పఠన కార్యక్రమం, వీలున్నవారు వాలంటీర్లుగా రాగలరు" అని పెట్టాను. 19 మంది బొటనవేలు ఎత్తారు. వచ్చింది ఐదుగురు, అందులో ఒకరు పది దాటాక వచ్చారు. ఈసారి ఎవరు ఏం చేయాలో, ఎన్ని గంటలకో రాయాలనుకుంటున్నాను. అలా రాస్తే అంతగా చదువుకోని తల్లులు భయపడి అసలే రారని మా తోటి టీచరు అంటున్నారు. ఏది మంచిది?

కమిటీ సభ్యుడు: మా ఊళ్లోనూ ఇదే బాధ. విద్యా కమిటీ సమావేశమంటే సంతకం పెట్టడానికి కూడా ఎవరూ రారు. టీ, బిస్కెట్లు పెట్టండి, వాళ్లే వస్తారు. తీర్మానం రాయించుకోవడం మాత్రం మరవకండి.

పెద్దబడి పంతులమ్మ: కమిటీ సభ్యుడు గారూ, టీచరమ్మ అడిగింది సమావేశం గురించి కాదండీ, పిల్లల పక్కన కూర్చుని వినే వాళ్ల గురించి. ఇక్కడ సంతకాల పని లేదు.

టీచరమ్మా, విడమరిచే రాయండి. "వీలున్నవారు" అన్న మాట చదివిన ప్రతి ఒక్కరూ అది పక్కింటివారికి చెప్పిందనుకుంటారు. ఆ బొటనవేలికి "వస్తాను" అని అర్థం లేదు, "చూశాను" అనే. ఇంకొకటి. మీది ఆంధ్ర అయితే "వాలంటీర్" అనే మాట తీసేయండి. 2019 నుంచి కొన్నేళ్లపాటు పింఛను తెచ్చి ఇచ్చిన మనిషే ఆ మాటకు అర్థంగా స్థిరపడిపోయింది. ఒకసారి ఒక తాత మా బడికి వచ్చి, ఇక్కడ వాలంటీరు ఉద్యోగాలు ఇస్తున్నారటగా అని అడిగాడు.

ముందు లెక్క వేసుకోండి, సందేశం తర్వాత. 28 మందిని నలుగురు చొప్పున కూర్చోబెడితే ఏడు గుంపులు. ఒక్కో పిల్ల నాలుగు నిమిషాలు చదివితే గుంపుకు పదహారు, చాపల మీద సర్దుకోవడంతో కలిపి ఇరవై నిమిషాలు. అంటే మీకు కావలసింది ఏడుగురు వినేవారు. చివరి నిమిషంలో ఇద్దరు రారు కాబట్టి తొమ్మిది మందిని అడగండి. పుస్తకాల బల్ల దగ్గర ఒకరు, చివర్లో కథ చెప్పడానికి ఒకరు. మొత్తం పదకొండు. సందేశంలో ఈ అంకె కనబడాలి. "11 మంది కావాలి" అంటే తాను లేకపోతే ఒక చాప ఖాళీ అని తెలుస్తుంది.

ఇద్దరి నాన్న: లెక్క బాగుంది. అయితే వినేవారికి ఏం చెప్పాలో కూడా సందేశంలోనే రాయాలి. పిల్లవాడు తప్పు చదివితే అక్కడికక్కడే ఆపి సరిచేయాలి. లేకపోతే ఆ తప్పే నోట్లో నిలిచిపోతుంది. మా పెద్దవాడికి ఒత్తులు అలాగే వచ్చాయి. ఒత్తు తప్పిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చదివించాను.

మూడో తరగతి టీచరు: పోయిన నెల ఒక నాన్న సరిగ్గా ఇదే చేశారు. పాప "స్వాతంత్ర్యం" దగ్గర ఆగింది. ఆయన "స-కు వ-వత్తు, త-కు..." అని విడగొట్టి చెప్పించారు. మూడోసారికి పాప పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. ఆయన మంచి మనిషే, గట్టిగా కూడా అనలేదు. మిగతా ముగ్గురూ తమ వంతు వస్తుందేమోనని దించిన తల ఎత్తలేదు.

పెద్దబడి పంతులమ్మ: ఇద్దరి నాన్న గారి మాటలో సగం నిజం ఉంది. అర్థం మారే తప్పును వదలకూడదు. "కాలు" అని ఉన్నచోట "కలు" అని చదివితే వాక్యం నిలవదు. అయినా వాక్యం పూర్తయ్యేదాకా ఆగితే చాలాసార్లు పిల్లలే వెనక్కి వెళ్లి దిద్దుకుంటారు. పదం దగ్గర ఆగిపోతే మనసులో ఐదు లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే పదం మొత్తం చెప్పేసి ముందుకు సాగనివ్వాలి. అక్షరాలు విడగొట్టడం మీ పని, రేపు తరగతిలో చేసుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది ఇక్కడ: పుస్తకంలో "వెళ్లాడు" అని ఉంటే పిల్ల "పోయాడు" అని చదువుతుంది. పెద్దవాళ్లు టక్కున ఆపుతారు. ఆ పిల్లకు అర్థమైంది కాబట్టే తన ఇంటి మాట వచ్చింది. "కలు" చదివిన పిల్లకు అర్థం అందలేదు. రెండూ ఒకే రకం తప్పు కావు.

అయితే ఇదంతా సందేశంలో రాయకండి. చదవరు, చదివినా గురువారానికి గుర్తుండదు. పిల్లలు ప్రార్థనలో ఉండే పది నిమిషాలు తరగతి గదిలో వచ్చినవారికి చెప్పండి. ఒకరు పిల్లలా చదివి ఇంకొకరు విని చూపిస్తే సరిపోతుంది. అందుకే రమ్మనే వేళ పిల్లలు చదవడం మొదలయ్యే వేళ కాకూడదు.

ఇద్దరి నాన్న: ఐదు లెక్కపెట్టడం ప్రయత్నిస్తాను. "పోయాడు" సంగతి మాత్రం ఒప్పుకోలేను. ఉన్నది ఉన్నట్టు చదవడమే చదవడం.

డాలస్ అమ్మ: ఇక్కడ మా పాప బడిలో అడిగే పద్ధతి చెబుతాను. ఆన్‌లైన్‌లో ఒక పట్టిక పెడతారు. వేళ, పని, ఎదురుగా ఖాళీ గడి. పేరు రాస్తే ఆ గడి మూసుకుపోతుంది. మా జిల్లాలో అయితే ఏడాది మొదట్లోనే వివరాలు ఇచ్చి, నేర చరిత్ర లేదని తనిఖీ పూర్తయ్యాకే బడిలోకి రానిస్తారు. గడులు పెట్టడం బాగుంది కానీ ఒక చెడ్డ సంగతి చూశాను. ఫోను చేతిలోనే ఉండేవాళ్లు పది నిమిషాల్లో అన్నీ నింపేస్తారు. రాత్రి పని చేసి పొద్దున లేచే తల్లికి మిగిలేది సర్దుడు పని. ఏడాదంతా అవే ముఖాలు.

పెద్దబడి పంతులమ్మ: అందుకే ముందు వచ్చినవారికే అనకూడదు. ఒక గడువు పెట్టి, ఆ తర్వాత టీచరే పంచాలి. పోయిన నెల రానివారికి ముందు అవకాశం. తనిఖీ సంగతి మన ఊరి బడిలో వేరు, అయినా ఒక్క నియమం పెట్టుకోండి: వినడమంతా ఒకే గదిలో, మీ కళ్ల ముందు. పిల్లను పక్కగదికో వరండా చివరికో తీసుకెళ్లడం ఎవరికీ వద్దు.

ఉల్లితోట: నేను తల్లిని, టీచరుని కాదు. మీరంతా పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అంటున్నారు. నాకు మాత్రం ఎన్ని గంటలకు వదులుతారన్నదే ప్రశ్న. నేను ఉపాధి పనికి వెళతాను. పనిచోట పొద్దున ఫోటో తీస్తారు, అందులో లేకపోతే ఆ పూట లేనట్టే. "ఉదయం కార్యక్రమం" అంటే సగం రోజు పోయిందనుకుంటాను. ముగిసే వేళ రాయని సందేశానికి నేను జవాబు ఇవ్వను.

ఇంకో మాట. మా అత్తకు చదువు రాదు. అయినా మా వాడు రోజూ ఆమెకే చదివి వినిపిస్తాడు. తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని ఆమె అడుగుతూ ఉంటుంది. అలాంటివాళ్లను "చదవడం వచ్చినవారు రండి" అని వదిలేస్తారా?

పెద్దబడి పంతులమ్మ: వదలకూడదమ్మా. పనికి పెట్టే పేరులోనే సగం ఉంది. "చదివించేవారు" అంటే మీ అత్తగారు రారు. "వినేవారు" అంటే వస్తారు. అయితే పిల్ల పదం దగ్గర ఆగిపోతే ఆమె అందించలేరు, అది నిజం. ఆమెను బాగా చదివే నలుగురి గుంపులో కూర్చోబెట్టాలి, లేదా చివరి కథ ఆమెకు అప్పగించాలి. నేనైతే కథే ఇస్తాను.

ఉల్లితోట: బాగా చదివే గుంపు అంటే టీచరుకు తెలుసు, పిల్లలకూ తెలుసు. మా అత్తకు ఏ గుంపు ఇచ్చారో చూసి ఊళ్లో ఏమనుకుంటారో కూడా తెలుసు. కథ సరే.

మూడో తరగతి టీచరు: అందరి మాటా చూసి ఇలా రాశాను. చదవలేనివారి కోసం ఇదే నా గొంతుతో రికార్డు చేసి కూడా పంపుతాను. వాట్సాప్ గుంపులో లేని ఆరుగురు పిల్లల ఇళ్లకు చీటీ.

> నమస్కారం. 12వ తేదీ గురువారం మన మూడో తరగతి పిల్లలు పుస్తకాలు చదివి వినిపిస్తారు. 11 మంది పెద్దలు కావాలి. అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాతయ్య ఎవరైనా రావచ్చు.
>
> 9:15కు గదికి రావాలి. ఏం చేయాలో నేను చెబుతాను. 9:35 నుంచి 9:55 వరకు పిల్లలు చదువుతారు. తర్వాత ఒక కథ. 10:10కి మీరు వెళ్లిపోవచ్చు.
>
> 1. వినేవారు, 9 మంది: నలుగురు పిల్లల పక్కన కూర్చుని వినాలి. పాఠం చెప్పనక్కరలేదు.
> 2. పుస్తకాల బల్ల, ఒకరు: పుస్తకాలు ఇచ్చి తీసుకోవాలి. వీరు మాత్రం 9:05కు రావాలి.
> 3. కథ చెప్పేవారు, ఒకరు: పది నిమిషాల కథ. పుస్తకం లేకుండా చెప్పినా సరే.
>
> సోమవారం సాయంత్రం 6 లోపు మీ పిల్లల పేరు, పక్కన 1 లేదా 2 లేదా 3 అని పంపండి. ఎవరికి ఏ పనో మంగళవారం చెబుతాను. మీ సొంత పిల్లల గుంపు మీకు రాదు.

డాలస్ అమ్మ: చిన్న పిల్లలను వెంట తీసుకురావచ్చా లేదా అన్నది లేదు. రెండేళ్లవాడు ఉన్న తల్లి అది తెలియక ఆగిపోతుంది.

మూడో తరగతి టీచరు: నిజమే. "చంటిపిల్లలు ఉంటే 2వ పనికి రండి, బల్ల తలుపు పక్కనే ఉంటుంది" అని కలుపుతాను.

ఇద్దరి నాన్న: చివరి వాక్యం తీసేయండి. సెలవు పెట్టి వచ్చేది మావాడు చదివితే వినాలనే. నా పక్కన నా కొడుకు లేకపోతే నేనెందుకు రావాలి?

పెద్దబడి పంతులమ్మ: మీరు పక్కనుంటే మీవాడు మీ ముఖం చూస్తాడు, పుస్తకం చూడడు. మిగతా ముగ్గురూ మీ ఇద్దరినీ చూస్తారు.

ఉల్లితోట: పంతులమ్మ గారూ, ఇది ఇద్దరి నాన్న గారు అన్నదే నిజం. ఒక పూట కూలి వదులుకుని వచ్చి, నా కొడుకు గొంతు గది అవతలి మూల నుంచి వినమంటే ఎలాగండీ?

మూడో తరగతి టీచరు: ఆ వాక్యం ఇంకా తేల్చుకోలేదు. చివరి రెండు నిమిషాలు ఎవరి పిల్లలు వారి దగ్గరికి వెళ్లి ఒక పేజీ చదివేలా కుదురుతుందేమో చూస్తున్నాను. అయితే అమ్మానాన్న రాని పిల్లలు పదిహేడు మంది ఉంటారు. ఆ రెండు నిమిషాలు వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి?