బరంపురంలో మొదటి గురువారం: కింది వాటా మౌసి ఎందుకు ముభావంగా ఉంది?

గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి:
నమస్కారమండీ. మా వారికి బ్యాంకులో బదిలీ అయి ఒడిశాలోని బరంపురం వచ్చి మూడు వారాలైంది. పై వాటాలో అద్దెకుంటున్నాం, కింద ఇంటివాళ్ళు. ఒడియా వాళ్ళే, ఆవిడ చాలా మంచిది. మౌసి అని పిలవమన్నారు, అలాగే పిలుస్తున్నాను. నిన్న గురువారం, 2024 నవంబర్ 21. పొద్దున్నే లేచి చూస్తే మెట్ల మీద, గుమ్మాల ముందు తెల్లటి పాదాల ముగ్గులున్నాయి. మా బాబు వాటి మీదుగా పరుగెత్తాడు. తొమ్మిదింటికి పంచదార అయిపోయిందని కప్పు పట్టుకుని కిందికి వెళ్తే ఆవిడ నవ్వి "రేపు తీసుకో" అన్నారు. మధ్యాహ్నం చేపలు వేయించాను. సాయంత్రం ఎదురుపడితే మాట్లాడలేదు. రాత్రి కింద పూజ, పిండివంటల వాసన. అంత బాగా చూసేవాళ్ళు మాకు ప్రసాదం కూడా పంపలేదు. మాది కార్తీక మాసమే కదా, మేము సోమవారాలు మాత్రమే నీచు మానేస్తాం. నేనేం తప్పు చేశాను? చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ వాసి:
అమ్మా, ఇది అద్దె పెంచడానికి ముందు చూపించే మొహం. నాకూ ఇలాగే జరిగింది. అగ్రిమెంట్ ఉందో లేదో ముందు చూసుకోండి. కరెంటు మీటరు వేరుగా పెట్టించుకోండి.

జయపురం అక్క:
అద్దె సంగతి కాదు బాబూ. ఒడియా ఇళ్ళలో గురువారం నీచు వండరు, అంతే. ఏడాదంతా అంతే. చేపలే కారణం.

పాత బరంపురం పెద్దాయన:
జయపురం అమ్మ చెప్పింది సగం నిజం. మామూలు గురువారాల్లో కొన్ని ఇళ్ళవాళ్ళు మానేస్తారు, కొందరు సోమవారమూ మానేస్తారు, కొందరికి ఏ పట్టింపూ లేదు. నిన్నటిది మామూలు గురువారం కాదు. మాణబసా గురుబార, మార్గశిరంలో మొదటిది.

నీకు కార్తీకం నడుస్తుంటే వాళ్ళకి మార్గశిరం ఎలా వచ్చిందంటావా? తెలుగు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా నెల పున్నమితో ముగుస్తుంది. శుక్ల పక్షంలో ఇద్దరిదీ ఒకే నెల. పున్నమి దాటగానే వాళ్ళు తర్వాతి నెలలోకి వెళ్ళిపోతారు, మనం ఇంకో పదిహేను రోజులు పాత నెలలోనే ఉంటాం. మొన్న 15వ తేదీ శుక్రవారం కార్తీక పున్నమి. 16 నుంచి వాళ్ళది మార్గశిరం. మనది డిసెంబర్ 2న మొదలవుతుంది. కాబట్టి ఈ ఏడాది వాళ్ళ గురువారాలు నవంబర్ 21, 28, డిసెంబర్ 5, 12. మన మార్గశిర లక్ష్మివారాలు డిసెంబర్ 5, 12, 19, 26. కలిసేవి రెండే. గోడకి తెలుగు క్యాలెండర్‌తో పాటు ఒక ఒడియా క్యాలెండర్ కూడా తగిలించు, సగం ఇబ్బందులు అక్కడే పోతాయి.

ఇక నిన్న జరిగింది ఒక్కొక్కటే చెప్తాను. ఆ పాదాలు లక్ష్మీదేవివి. ముందు రోజు ఇల్లంతా కడిగి, నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పలచటి పిండిని వేళ్ళతో అద్ది వేస్తారు. ఝోటి అంటారు. మన ముగ్గులా చల్లే పొడి కాదు, ఆరితే నేలకి పట్టుకుంటుంది. పాదాలు ఎప్పుడూ ఇంట్లోకి నడుస్తున్నట్టే ఉంటాయి. తెల్లారగట్ల ధాన్యం కొలిచే మాణంలో కొత్త వడ్లు నింపి, అదే లక్ష్మి అని పీట మీద పెడతారు. అందుకే మాణబసా. ఆ రోజు ఇంట్లోంచి బియ్యం, ఉప్పు, పంచదార, డబ్బు లాంటివి బయటికి ఇస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని నమ్మకం. నీకు లేదనలేక, ఇవ్వలేక "రేపు తీసుకో" అంది. ఆవిడ నవ్వింది కూడా కదా, అది కోపం కాదు.

ప్రసాదం గురించి బాధపడకు. చాలా ఇళ్ళలో ఈ పూజ ప్రసాదం ఇంటివాళ్ళే తినాలి, గడప దాటించరు. పెళ్ళయి వెళ్ళిన కూతురికి కూడా పెట్టని ఇళ్ళున్నాయి. మన నోములో వాయనం ఇవ్వకపోతే నోము పూర్తికాదు, ఇక్కడ ఇస్తే నియమం తప్పినట్టు. నీకు నొప్పి కలిగింది ఆ తేడా వల్ల.

మిగిలింది చేపల వాసన. ఆ రోజు చదివే లక్ష్మీ పురాణం బలరామ దాసుది. అందులో లక్ష్మి గురువారం శ్రీయా అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్తుంది, శుభ్రం, భక్తి చూసి. అందుకు ఆమెను గుడి నుంచి వెళ్ళగొట్టిన అన్నదమ్ములు జగన్నాథుడు, బలభద్రుడు పన్నెండేళ్ళు అన్నం దొరక్క తిరుగుతారు. ఆ కథ వింటున్న ఇంట్లోకి పై నుంచి వేపుడు వాసన వస్తే వాళ్ళ మనసు ఎలా ఉంటుందో ఆలోచించు. తెలియక చేశావు, చెప్తే సరిపోతుంది.

పర్లాకిమిడి కోడలు:
నాకు దీనికి వ్యతిరేకం జరిగింది. కార్తీకంలో చివరి ఐదు రోజులు, పంచుక అంటారు, మాంసం తినే ఒడియా వాళ్ళు కూడా ముట్టరు. పున్నమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు మాంసం కొట్ల ముందు క్యూలు. పక్కింటి భావుజ, అంటే వదిన, ప్రేమగా గిన్నె నిండా కోడికూర తెచ్చింది. నాకేమో ఇంకా పదిహేను రోజుల కార్తీకం ఉంది! వద్దంటే చిన్నబుచ్చుకుంటుందని భయం. గిన్నె తీసుకుని, "మా కార్తీకం అమావాస్య దాకా, మా ఆయన తింటారు" అని ఉన్నమాట చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయింది, తర్వాత ఏడాది నుంచి నాకు వేరుగా పాయసం పంపుతోంది. గిన్నె మాత్రం ఖాళీగా తిప్పి పంపకండి, అది మన దగ్గరా అంతే.

రాయగడ వాసి:
పెద్దాయన గారూ, నాకు తెలియక అద్దె అన్నాను. అయితే ఒక సందేహం. గురువారం ఫోన్‌లో డబ్బు పంపితే? మా ఓనరు ఆ రోజు అద్దె తీసుకుంటారు కానీ, ఎక్కువ వచ్చిన మూడొందలు తిరిగి పంపమంటే శుక్రవారం పంపారు.

పాత బరంపురం పెద్దాయన:
తీసుకోవడం లక్ష్మి రావడమే, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇవ్వడం దగ్గరే ఆగుతారు. ఫోన్‌లో ఇచ్చినా ఇవ్వడమే అంటుంది మా ఆవిడ. మా అబ్బాయి కాదంటాడు. మా ఇంట్లోనే తేలలేదు.

గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి:
మౌసి దగ్గరికి వెళ్ళి మా పంచాంగం, వాళ్ళది పక్కపక్కన పెట్టి చూపించాను. "నేనే ముందు చెప్పాల్సింది, నువ్వు మన పండగ తెలిసినదానివే అనుకున్నా" అన్నారు. బరంపురంలో చాలామంది తెలుగు మాట్లాడతారు కాబట్టి నాకూ అన్నీ తెలుసనుకున్నారట. బుధవారం సాయంత్రం మెట్లు నేను కడుగుతానన్నాను, ఒప్పుకున్నారు. బాబుకి పాదాల పక్కనుంచి నడవడం నేర్పుతున్నాను. వచ్చేటప్పుడు "వెళ్తాను" అనబోయి ఆగి, వాళ్ళలాగే "ఆసుచి" అన్నాను, అంటే "వస్తున్నా" అని. అది విని ఆవిడ మొహం విప్పారింది.

ఇంకొకటి. డిసెంబర్ 19న మా అత్తగారు వచ్చి లక్ష్మివారం నోము చేయిస్తారట. వాళ్ళకి అప్పటికి మార్గశిరం అయిపోతుంది. మౌసిని వాయనానికి పిలవచ్చా? తీసుకుంటారా?

జయపురం అక్క:
మా పక్కింటావిడ తీసుకుంది. కానీ ముందు రోజే అడుగు, ఆ పూట ఆవిడకి ఉపవాసం ఉందేమో.